కొంచెం తాగితే పక్షవాతం రాదా? ట్రయల్ లేకుండా జన్యువులతో ఎలా తేల్చారు

ప్రశ్న: "మా బాబాయ్ రోజూ రాత్రి ఒక పెగ్గు వేసుకుంటాడు. అసలు తాగనివాళ్ల కంటే కొంచెం తాగేవాళ్లకే పక్షవాతం తక్కువని పేపర్లో వేశారంటాడు. చైనాలో జన్యువులు చూసి అది తప్పని తేల్చారని నేను ఎక్కడో చదివాను. నేను స్టాట్స్ ఎమ్మెస్సీ చేస్తున్నాను. ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ ఫార్ములా తెలుసు. కానీ ఎవరికీ మందు పోయకుండా, ట్రయల్ చేయకుండా, ఒక జన్యువు చూసి 'ఇది మందు వల్లే' అని ఎలా అంటారో బుర్రకెక్కడం లేదు. నమ్మొచ్చా?"

మీ బాబాయ్ చదివింది కల్పన కాదు. చాలా దేశాల్లో, లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో ఆ లెక్క అలాగే వచ్చింది. తాగనివాళ్లకు కొంత రిస్కు, కొంచెం తాగేవాళ్లకు అంతకంటే తక్కువ, బాగా తాగేవాళ్లకు మళ్లీ ఎక్కువ. గ్రాఫు గీస్తే ఇంగ్లిష్ యు అక్షరంలా ఉంటుంది. లెక్క సరైనదే, దానికి చెప్పిన అర్థంతోనే చిక్కు.

"తాగనివాళ్లు" అనే గుంపులో ఎవరుంటారో చూడండి. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టనివాళ్లు ఉంటారు. బీపీ వచ్చిందనో లివర్ పాడైందనో డాక్టర్ తిడితే మానేసినవాళ్లూ ఉంటారు. మొదటినుంచీ ఆరోగ్యం అంతంతమాత్రమై అసలు మొదలుపెట్టనివాళ్లూ, కొనుక్కునే స్తోమత లేనివాళ్లూ అక్కడే ఉంటారు. మరోవైపు రోజుకు ఒక్క పెగ్గు దగ్గర ఆగగలిగే మనిషి మిగతా విషయాల్లోనూ అలాగే ఒద్దికగా బతికే అవకాశం ఎక్కువ. బ్రిటన్‌లో షేపర్ బృందం 1988లోనే ఈ అనుమానం గట్టిగా లేవనెత్తింది: జబ్బు చేసి మానేసినవాళ్లను తాగనివాళ్లలో కలిపేయడం వల్లే ఆ యు ఆకారం వస్తోందని. మానేసినవాళ్లను విడదీయొచ్చు, చదువు, ఆదాయం, సిగరెట్లు అన్నీ మోడల్‌లో పెట్టొచ్చు. కానీ కొలవనిదాన్ని మోడల్‌లో పెట్టలేం.

ట్రయల్ పెడదామని కూడా చూశారు. అమెరికాలో 7,800 మందిని తీసుకుని, సగం మంది రోజుకు ఒక డ్రింక్ తాగాలి, సగం మంది మానాలి అని ఏళ్ల తరబడి నడపాలనుకున్న ట్రయల్ ఒకటి మొదలైంది. దాని డబ్బులో పెద్ద వాటా మద్యం పరిశ్రమదని, ఆ నిధుల కోసం అధికారులే పరిశ్రమతో మాట్లాడారని బయటపడి 2018 జూన్‌లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ దాన్ని ఆపేసింది. ఆ గొడవ లేకపోయినా, రోజుకు నాలుగు పెగ్గులు తాగించే ట్రయల్‌కు ఏ ఎథిక్స్ కమిటీ అయినా ఒప్పుకుంటుందా? కాబట్టి వేరే దారి వెతకాలి.

ఆ దారి అర్థం కావాలంటే ముందు మందు పక్కన పెట్టి, వియత్నాం యుద్ధం నాటి అమెరికా లాటరీ చూడండి. 1969 డిసెంబరు 1న పుట్టినరోజులను చిన్న ప్లాస్టిక్ క్యాప్సూళ్లలో పెట్టి ఒక్కొక్కటే తీశారు. ముందు వచ్చిన తేదీకి చిన్న నంబరు. చిన్న నంబరు వచ్చినవాళ్లను సైన్యంలోకి పిలుస్తారు. తర్వాత రెండేళ్లూ ఇలాగే తీశారు. సైన్యంలో పనిచేయడం వల్ల తర్వాతి సంపాదన తగ్గిందా అన్నది ఆర్థికవేత్త జాషువా యాంగ్రిస్ట్ వేసుకున్న ప్రశ్న. సైన్యంలోకి వెళ్లినవాళ్లనూ వెళ్లనివాళ్లనూ నేరుగా పోల్చలేం, ఎందుకంటే చాలామంది ఇష్టపడి చేరారు, కొందరు మెడికల్‌లో పోయారు. అందుకే ఆయన వాళ్లను వదిలేసి నంబర్లను పోల్చారు.

1950లో పుట్టిన తెల్లజాతి పురుషుల్లో, పిలుపు వచ్చే నంబరు పడ్డవాళ్ల 1981 ఆదాయం మిగతావాళ్ల కంటే సగటున 436 డాలర్లు తక్కువ. ఇది నంబరు ప్రభావం, సైన్యం ప్రభావం కాదు. చిన్న నంబరు వచ్చినా వెళ్లనివాళ్లున్నారు, పెద్ద నంబరు వచ్చినా చేరినవాళ్లున్నారు. నంబరు వల్ల సైన్యంలో చేరినవాళ్ల వాటా సుమారు 16 శాతమే పెరిగింది. నంబరు సంపాదనను సైన్యం ద్వారా మాత్రమే తగ్గించగలదంటే, ఆ 436 డాలర్ల నష్టమంతా ఆ 16 శాతం మంది నెత్తిన పడ్డదే. 436ను 0.159తో భాగిస్తే మనిషికి దాదాపు 2,740 డాలర్లు. మీ ఫార్ములాలో రిడ్యూస్డ్ ఫామ్‌ను ఫస్ట్ స్టేజ్‌తో భాగించడం అంటే ఇదే.

ఇక్కడ నంబరే ఇన్‌స్ట్రుమెంట్. అది మనిషి గుణగణాలు చూసి పడలేదు. సైన్యంలో చేరే అవకాశాన్ని మార్చింది. సంపాదనను ఇంకో దారిలో మార్చలేదు అని మనం *అనుకుంటున్నాం*. ఆ మూడోదాన్ని డేటా రుజువు చేయదు. చిన్న నంబరు వచ్చిన కుర్రాళ్లు సైన్యం తప్పించుకోవడానికి కాలేజీలోనే ఎక్కువకాలం ఉండిపోతే, నంబరు చదువు ద్వారా కూడా సంపాదనను మార్చినట్టే కదా. మొదటి రెండు షరతులను లెక్కలతో చాలావరకు చూడొచ్చు. మూడోదానికి మాత్రం ఆ రంగంలో ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి. ఇది గుర్తుపెట్టుకోండి, మందు దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు మందు. మనం తాగిన ఆల్కహాల్ ఒంట్లో ముందు అసెటాల్డిహైడ్ అవుతుంది, అది తర్వాత అసిటేట్ అవుతుంది. మధ్యలో ఉన్న అసెటాల్డిహైడ్ విషపదార్థం. దాన్ని ఖాళీ చేసే ప్రధాన ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు ఏఎల్‌డీహెచ్2. తూర్పు ఆసియా జనాల్లో ఈ జన్యువులో ఒక్క అక్షరం మారిన రూపం బాగా ఎక్కువ. డేటాబేస్‌లలో దాని పేరు rs671. మారిన కాపీ ఒక్కటున్నా ఎంజైమ్ చాలావరకు చచ్చుబడుతుంది, ఎందుకంటే ఆ ఎంజైమ్ నాలుగు ముక్కలు కలిస్తే పనిచేసేది, అందులో చెడ్డ ముక్క చేరితే మంచివాటినీ పాడుచేస్తుంది. అలాంటివాళ్లు ఒక గ్లాసు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతి వచ్చినట్టవుతుంది. రెండు కాపీలూ చెడినవాళ్లు దాదాపు తాగనే తాగరు. ఒకటి చెడినవాళ్లు తక్కువ తాగుతారు. రెండూ బాగున్నవాళ్లు అలవాటునుబట్టి ఎంతైనా తాగుతారు. మొదటి మెట్టులో, అంటే ఆల్కహాల్ అసెటాల్డిహైడ్‌గా మారేచోట, ఏడీహెచ్1బీ అనే ఇంకో జన్యువు ఉంది. అందులో rs1229984 కూడా తాగే మోతాదును మారుస్తుంది, కాకపోతే అంత గట్టిగా కాదు.

తల్లి దగ్గరున్న రెండు కాపీల్లో ఏది బిడ్డకు వస్తుందన్నది మెండెల్ చెప్పినట్టు బొమ్మా బొరుసే. తండ్రి నుంచి వచ్చేదీ అంతే. ఆ పంపకం గర్భం దాల్చేటప్పుడే అయిపోతుంది. నలభై ఏళ్లకు బీపీ వచ్చి తాగుడు మానేసినా rs671 మారదు. "జబ్బు చేసి మానేసినవాళ్లు" అనే చిక్కు ఇక్కడ అడ్డం రాలేదన్నమాట. మెండీలియన్ రాండమైజేషన్, పొట్టిగా ఎంఆర్, అని పేరు పెట్టింది ఇందుకే. సైన్యం లాటరీ నంబరు స్థానంలో ఇక్కడ జన్యురూపం ఉంది.

మీరు చదివింది చైనా కడూరీ బయోబ్యాంక్ అధ్యయనం అయి ఉంటుంది, 2019లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 2004 నుంచి 2008 మధ్య చైనాలో 10 ప్రాంతాల నుంచి 5 లక్షలకు పైగా పెద్దవాళ్లను చేర్చుకుని, తర్వాత దాదాపు పదేళ్లు గమనించారు. వాళ్లలో 1,61,498 మందికి పైన చెప్పిన రెండు జన్యు స్థానాలూ చదివారు. మగవాళ్లలో 33 శాతం మంది దాదాపు ప్రతి వారం తాగేవాళ్లు, ఆడవాళ్లలో 2 శాతం. ఈ రెండో అంకెను మనసులో ఉంచుకోండి.

ముందు మామూలు పద్ధతిలో, అంటే ఎవరెంత తాగుతామని చెప్పారో దాన్నిబట్టి చూశారు. మీ బాబాయ్ చెప్పిన యు ఆకారమే వచ్చింది. వారానికి 100 గ్రాముల ఆల్కహాల్ దగ్గర రిస్కు అన్నింటికంటే తక్కువ. మన కొలతల్లో చెప్పాలంటే 42.8 శాతం విస్కీ 30 మిల్లీల పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. అంటే వారానికి పది చిన్న పెగ్గులు. ఇదే మనుషులు, ఇదే డేటా. ఇప్పుడు జన్యువులతో చూద్దాం.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. చెడిన rs671 కాపీ చైనాలో అన్నిచోట్లా ఒకేలా లేదు, దక్షిణాన ఎక్కువ, ఉత్తరాన తక్కువ. తాగే అలవాటూ ప్రాంతాన్నిబట్టి మారుతుంది. తిండి, ఉప్పు, చలి, పక్షవాతం రేటు కూడా మారతాయి. అందరినీ ఒకే కుప్పగా పోసి "చెడిన కాపీ ఉన్నవాళ్లకు పక్షవాతం తక్కువ" అని తేలిస్తే, అది మందు సంగతో దక్షిణ చైనా తిండి సంగతో చెప్పలేం. పంపకం బొమ్మా బొరుసు అయ్యేది ఒక తల్లిదండ్రుల పిల్లల మధ్య, దేశమంతటి జనాభా మధ్య కాదు. అందుకే వాళ్లు రెండు జన్యు స్థానాల తొమ్మిది కలయికలను పది ప్రాంతాల్లో విడివిడిగా తీసుకుని, ఒక్కొక్క గడిలో మగవాళ్లు సగటున ఎంత తాగుతున్నారో చూసి, దాన్నిబట్టి ఆరు గుంపులు చేశారు. కానీ పక్షవాతం రిస్కును మాత్రం ఒకే ప్రాంతంలో ఉన్నవాళ్ల మధ్యే పోల్చారు. ఏ ఎంఆర్ పేపర్ చదివినా "ఎవరిని ఎవరితో పోల్చారు" అన్నదే నేను ముందు వెతుకుతాను. అన్నదమ్ముల మధ్య పోలిస్తే ఇంకా మంచిది, కానీ అంత డేటా అరుదుగా దొరుకుతుంది.

ఈ ఆరు గుంపుల సగటు వారానికి 4 గ్రాముల నుంచి 256 గ్రాముల వరకు ఉంది. ఇంత బలమైన ఫస్ట్ స్టేజ్ ఎంఆర్‌లో చాలా అరుదు. మామూలుగా ఒక జన్యు తేడా మనం చూస్తున్న అలవాటులో ఒక శాతం తేడాను కూడా వివరించదు. అలాంటప్పుడు హారం సున్నాకు దగ్గరై భాగహారం ఎటుపడితే అటు ఊగుతుంది.

ఫలితం: జన్యువును బట్టి సగటు తాగుడు పెరిగేకొద్దీ పక్షవాతం రిస్కు మొదటినుంచీ పెరుగుతూనే పోయింది. యు ఆకారంలో ఎడమవైపు కొమ్ము కనిపించలేదు. వారానికి 280 గ్రాములు పెరిగితే, అంటే రోజుకు నాలుగు చిన్న పెగ్గులు, లేదా వారానికి నాలుగున్నర క్వార్టర్లు అనుకోండి, రక్తనాళం పూడుకుని వచ్చే పక్షవాతం రిస్కు 1.27 రెట్లు అయింది. మెదడులో రక్తస్రావం వల్ల వచ్చేది 1.58 రెట్లు. రెండోదానిలో తేడా ఎక్కువ ఉండటం అర్థవంతంగానే ఉంది. మెదడులో నాళం చిట్లడానికి బీపీ పెద్ద కారణం, జన్యువును బట్టి తాగుడు పెరిగినచోట బీపీ కూడా పెరిగింది.

1.27 లాంటి అంకె ఎలా వస్తుందో చిన్న లెక్క చేద్దాం. దీనికి నేను గుండ్రటి అంకెలు వేసుకుంటున్నాను, పేపర్లోవి కావు. ఒకే ప్రాంతంలో చెడిన కాపీ ఉన్న మగవాళ్లు సగటున వారానికి 20 గ్రాములు, మంచి కాపీలున్నవాళ్లు 160 గ్రాములు తాగుతారనుకోండి. తేడా 140. రెండో గుంపులో పక్షవాతం 1.13 రెట్లు ఉందనుకోండి. రిస్కు నిష్పత్తికి లాగ్ తీసి, 140తో భాగిస్తే ఒక్క గ్రాముకు ఎంతో వస్తుంది. దాన్ని 280తో గుణించి మళ్లీ మామూలు అంకెలోకి తెస్తే సరి.

```r
exp(log(1.13) / 140 * 280)
# 1.2769
```

సైన్యం లాటరీలో 436ను 0.159తో భాగించినదానికీ దీనికీ తేడా ఏమీ లేదు, లాగ్ ఒక్కటి మధ్యలో వచ్చింది. ఇందులో ఎవరు వ్యక్తిగతంగా ఎంత తాగారన్నది పక్షవాతంతో నేరుగా ముడిపెట్టలేదన్నది గమనించండి. తాగుడు డేటా గుంపు సగటు తీయడానికే వాడాం. చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే జారతారు: "తాగేవాళ్లను మాత్రమే తీసుకుని వాళ్లలో జన్యువు ప్రభావం చూద్దాం" అంటారు. చెడిన కాపీ ఉండి కూడా, ఒంటికి పడకపోయినా తాగుతున్న మనిషి మామూలు మనిషి కాదు. అతనికి వేరే టెన్షన్ ఏదో, తప్పించుకోలేని బిజినెస్ విందులేవో ఉండి ఉంటాయి. తాగేవాళ్లను ఏరగానే లాటరీ మనం చేజేతులా చెడగొట్టినట్టే.

ఇక మూడో షరతు. rs671 పక్షవాతాన్ని మందు ద్వారా కాక వేరే దారిలో మార్చడం లేదని ఎలా నమ్మాలి? ఆ ఎంజైమ్ ఆల్కహాల్ కోసమే పుట్టింది కాదు, ఒంట్లో వేరే ఆల్డిహైడ్లనూ శుభ్రం చేస్తుంది. మందుతో సంబంధం లేకుండానే నేరుగా రక్తనాళాలను బాగుచేస్తోందో పాడుచేస్తోందో ఏమో! ఇక్కడే ఆడవాళ్లు పనికొచ్చారు, నాకు ఈ అధ్యయనంలో అన్నింటికంటే నచ్చిన భాగం ఇదే. అదే ప్రాంతాలు, అవే జన్యువులు, అవే ఎంజైములు. కానీ ఆడవాళ్లలో తాగేవాళ్లు 2 శాతమే. జన్యువుకు వేరే దారి ఉంటే ఆడవాళ్లలోనూ ఆ జన్యురూపాల మధ్య బీపీలో, పక్షవాతంలో తేడా కనిపించాలి. కనిపించలేదు. మగవాళ్లలో ఉన్న తేడా ఆడవాళ్లలో మాయమైందంటే అది తాగుడు గుండా వచ్చిన తేడా అన్నమాట బలపడుతుంది.

బలపడుతుంది అన్నాను, తేలిపోయింది అనలేదు. ఆడవాళ్లతో చేసిన ఈ పరీక్ష తాగకపోయినా పనిచేసే దారులనే పట్టుకుంటుంది. తాగినప్పుడు మాత్రమే తెరుచుకునే దారి ఉంటే అది దీనికి దొరకదు. అలాంటి దారి ఒకటి నిజంగా ఉంది: అసెటాల్డిహైడ్. ఒక కాపీ చెడినవాడు, రెండూ బాగున్నవాడు సమానంగా తాగితే, మొదటివాడి ఒంట్లో అసెటాల్డిహైడ్ ఎక్కువసేపు, ఎక్కువ మోతాదులో నిలిచి ఉంటుంది. అంటే జన్యువు ఒకే చేత్తో రెండు పనులు చేస్తోంది. తాగే మోతాదును తగ్గిస్తోంది, తాగిన ప్రతి గ్రాము విషాన్ని పెంచుతోంది.

అన్నవాహిక క్యాన్సర్ దగ్గర ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. సారా లూయిస్, జార్జ్ డేవీ స్మిత్ అనే పరిశోధకులు 2005లో పాత అధ్యయనాలను కలిపి చూస్తే, రెండు కాపీలూ చెడినవాళ్లకు ఆ క్యాన్సర్ తక్కువ, ఎందుకంటే వాళ్లు తాగరు. కానీ ఒక్క కాపీ చెడినవాళ్లకు, రెండూ బాగున్నవాళ్ల కంటే కూడా ఎక్కువ, అదీ బాగా తాగేవాళ్లలో మరీ ఎక్కువ. ఎవరైనా ఇది తెలియక "చెడిన కాపీ అంటే తక్కువ తాగుడు" అనే ఒక్క సూత్రంతో భాగహారం చేస్తే, ఒక కాపీ చెడినవాళ్లను బట్టి "తక్కువ తాగితే అన్నవాహిక క్యాన్సర్ ఎక్కువ" అని వస్తుంది. అంకె పక్కాగా, పీ విలువ చక్కగా ఉంటుంది. అర్థం మాత్రం తలకిందులు. అదే జన్యువు ఒక జబ్బుకు మంచి ఇన్‌స్ట్రుమెంట్, ఇంకో జబ్బుకు కాదు. పక్షవాతం విషయంలో ఈ చిక్కు పెద్దది కాదని నేను అనుకోవడానికి కారణం, అసెటాల్డిహైడ్ హాని చేస్తుందనుకుంటే అది చెడిన కాపీ ఉన్నవాళ్ల రిస్కును పెంచాలి. అంటే నిజమైన మందు ప్రభావాన్ని మనం తక్కువగా చూసి ఉంటాం కానీ ఎక్కువగా కాదు. పక్షపాతం ఉందా లేదా అనే కాక, అది ఏ వైపు లాగుతుందో అడగడం అలవాటు చేసుకోండి.

ఇంతకంటే నన్ను ఆలోచనలో పడేసేది ఇంకొకటుంది, అది నేరుగా మీ బాబాయ్ పెగ్గుకు సంబంధించింది. "యు ఆకారం పోయింది, సరళరేఖ వచ్చింది, కాబట్టి ఒక్క పెగ్గు కూడా పక్షవాతం తెస్తుంది" అని వార్తల్లో రాశారు. గుంపు సగటు వారానికి 50 గ్రాములు అంటే ఆ గుంపులో అందరూ 50 గ్రాములు తాగుతున్నారని కాదు. ఎక్కువమంది సున్నా, కొందరు 200, ఇద్దరు ముగ్గురు 500 అయి ఉండొచ్చు. పక్క గుంపు సగటు 100 అయితే, అక్కడ బాగా తాగేవాళ్లు ఇంకొంచెం ఎక్కువమంది ఉన్నారంతే కావచ్చు. అప్పుడు గుంపుల మధ్య గీత, బాగా తాగేవాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ పక్షవాతం పెరుగుతుందని చెబుతుంది. ఒక మనిషి సున్నా నుంచి రోజుకు ఒక పెగ్గుకు వెళితే ఏమవుతుందో ఆ గీత విడిగా చెప్పలేదు. ఆ చివర చిన్న లాభం ఉన్నా చిన్న నష్టం ఉన్నా ఈ సగటుల్లో కలిసిపోతుంది. ఈ అధ్యయనం గట్టిగా చెప్పింది ఇది: మామూలు లెక్కల్లో కనిపించిన ఆ పెద్ద లాభానికి జన్యువుల వైపు నుంచి మద్దతు రాలేదు, తాగుడు మొత్తంగా పక్షవాతాన్ని పెంచుతుంది. ఒక్క పెగ్గు ప్రత్యేకంగా ఇంత హాని అని దానితో అనిపించడం డేటా మోయలేని బరువు మోయించడమే.

గుండెపోటు దగ్గర కథ ఇంకా తేలలేదు. ఇదే చైనా డేటాలో 280 గ్రాములకు గుండెపోటు రిస్కు 0.96 వచ్చింది, కానీ కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.78 నుంచి 1.18 దాకా ఉంది. కొంచెం లాభం, ఏమీ లేకపోవడం, కొంచెం నష్టం మూడూ అందులో ఇముడుతాయి. దాన్ని "గుండెకు ఏమీ కాదు" అని చదవకూడదు. అంతకుముందు 2014లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనం ఎక్కువగా యూరప్ సంతతి వాళ్ల మీద, రెండున్నర లక్షల మందికి పైగా, rs1229984 ఒక్కదానితో చేశారు. తక్కువ తాగించే రూపం ఉన్నవాళ్లు 17 శాతం తక్కువ తాగారు, వాళ్లకు గుండెజబ్బు కూడా తక్కువ, ఆడ్స్ రేషియో 0.90. తాగుడులో అంత చిన్న తేడాకు గుండెజబ్బులో అంత తేడానా అని నాకు అప్పుడూ అనుమానమే. యూరప్‌లో ఆ రూపం అరుదు, అదీ దేశాన్నిబట్టి మారుతుంది. చైనాలో ప్రాంతాలవారీగా విడదీసినంత శుభ్రంగా అక్కడ విడదీయడం కష్టం. రెండు అధ్యయనాలు విభేదించినప్పుడు నేను ఫస్ట్ స్టేజ్ బలంగా ఉండి, ఆడవాళ్లలాంటి అడ్డపరీక్ష ఉన్నదాని వైపే మొగ్గుతాను.

"నమ్మొచ్చా" అని అడిగారు కాబట్టి ఒక మాట. ఈమధ్య ఎంఆర్ పేపర్లు కుప్పలుగా వస్తున్నాయి. పబ్లిక్‌గా దొరికే జీనోమ్ ఫలితాల ఫైళ్లు రెండు దించుకుని, ఒకదానిలోంచి వంద జన్యు స్థానాలు తీసి, రెండోదానితో భాగిస్తే సాయంత్రానికి పేపర్ తయారు. ఆ వంద స్థానాలు ఒంట్లో ఏం చేస్తాయో రాసినవాళ్లకే తెలియదు. rs671 దగ్గర మనం మూడో షరతు గురించి ఇంత మాట్లాడగలిగింది దాని ఎంజైమ్ తెలుసు కాబట్టి. కాఫీ తాగడానికో మాంసం తినడానికో పనికొచ్చే జన్యువులని చెప్పే వాటిలో చాలావరకు బరువుకో చదువుకో కూడా తగులుతాయి. అక్కడ భాగహారం చేసేముందే ఆగాలి. ఎంఆర్ ఎగ్గర్, వెయిటెడ్ మీడియన్ లాంటి పద్ధతులు కొంత సాయం చేస్తాయి, కానీ అవీ ఒక్కొక్కటి మరో నమ్మకం మీద నిలబడినవే.

మీ థీసిస్ కోసం తెలుగువాళ్ల డేటాతో ఇదే చేద్దామని అనిపించవచ్చు, కాబట్టి ముందే చెబుతున్నాను. rs671 చెడిన కాపీ మన దగ్గర దాదాపు లేనట్టే. అందరికీ లాటరీలో ఒకే నంబరు వస్తే పోల్చడానికి ఏముంటుంది? rs1229984 రూపం కూడా మనలో తక్కువే, పైగా కులాన్నీ ప్రాంతాన్నీ బట్టి జన్యువులు మారే మన సమాజంలో, తాగుడూ ఆ గీతల వెంటే మారుతుంది కాబట్టి, చైనాలో ఉత్తర దక్షిణాల చిక్కు మనకు ఊరూరా ఎదురవుతుంది. ఇక్కడివాళ్ల మీద చేయాలంటే జన్యువుల కంటే వేరే ఇన్‌స్ట్రుమెంట్ మెరుగు కావచ్చు. మద్యం ధరలు, షాపుల సంఖ్య ప్రభుత్వ నిర్ణయంతో ఒక్కసారిగా మారిన సందర్భాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అవి పక్షవాతాన్ని తాగుడు ద్వారా కాక ఇంకెన్ని దారుల్లో మార్చగలవో (నాటుసారా, పక్క రాష్ట్రం సరుకు, ఇంట్లో మిగిలే డబ్బు) ముందు ఒక కాగితం మీద రాసుకుని, దాన్ని మీ గైడ్‌కు చూపించాకే డేటా అడగండి.

బాబాయ్‌తో మాత్రం జన్యువుల గురించి వాదించకండి. ఆయన బీపీ ఎంతుందో చూపించుకోమనండి. పై అంకె 140 దాటితే ఆ రాత్రి పెగ్గు గురించి డాక్టర్‌తో మాట్లాడాల్సిందే, ఎందుకంటే ఈ మొత్తం డేటాలో తాగుడు నుంచి పక్షవాతానికి అన్నింటికంటే స్పష్టంగా కనిపించే దారి అదే.